పూర్తి జీతం సెలవు అయిపోయాక

ప్రభుత్వ ఉద్యోగి జబ్బుపడి సెలవు పెట్టినప్పుడు జీతం ఎప్పటిదాకా పూర్తిగా వస్తుంది, ఏ రోజు నుంచి సగానికి పడుతుంది అన్నది జబ్బు తీవ్రతను బట్టి తేలదు. అది ఆ ఉద్యోగి సెలవు ఖాతాలో ఎన్ని రోజులు నిల్వ ఉన్నాయి, వాటిని ఏ వరుసలో వాడుకున్నాడు అన్న రెండు విషయాల మీద ఆధారపడుతుంది. మొదటిది ఉద్యోగంలో చేరిన నాటి నుంచి పోగైన సంగతి, జబ్బు చేసిన రోజున దాన్ని మార్చడం కుదరదు. రెండోది మాత్రం సెలవు దరఖాస్తు రాసే చేతిలోనే ఉంటుంది. చాలామంది ఆ దరఖాస్తును ఆసుపత్రి హడావిడిలో ఎవరితోనో రాయించి పంపేస్తారు. జీతం సగమై చేతికొచ్చిన నెలలో గాని అందులో ఏం రాశారో గుర్తుకురాదు.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు వర్తించే సెలవు నిబంధనలు 1972 జూన్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. తపాలా శాఖ, ఆదాయపు పన్ను శాఖ లాంటి కార్యాలయాల్లో పనిచేసేవారంతా వీటి కిందికే వస్తారు. రైల్వేవారికి వేరే నియమావళి ఉంది. సగం జీతం సెలవును వాళ్లు ఎల్‌హెచ్‌ఏపీ అంటారు, పద్ధతి మాత్రం దాదాపు ఇలాంటిదే. కేంద్ర నిబంధనల్లో జబ్బుకు పనికొచ్చే సెలవులు ప్రధానంగా రెండు. ఒకటి ఈఎల్, అంటే సంపాదిత సెలవు. దీన్ని ఏ కారణానికైనా వాడుకోవచ్చు, జీతం పూర్తిగా వస్తుంది. ఏటా జనవరి 1న 15 రోజులు, జులై 1న 15 రోజులు ముందుగానే ఖాతాలో పడతాయి. రెండోది అర్ధవేతన సెలవు, ఆఫీసు భాషలో హెచ్‌పీఎల్. అవే తేదీల్లో పది చొప్పున, ఏడాదికి 20 రోజులు జమ అవుతాయి. ఈఎల్‌కు నిల్వ పరిమితి ఉంది. హెచ్‌పీఎల్‌కు అలాంటి పరిమితి లేదు, వాడకపోతే సర్వీసు పొడవునా పెరుగుతూనే ఉంటుంది.

పేరులోనే ఉన్నట్టు హెచ్‌పీఎల్ వాడుకుంటే సగం జీతమే. అయితే వైద్య ధ్రువపత్రం ఉంటే ఆ సెలవును పూర్తి జీతం సెలవుగా మార్చుకునే వీలుంది. దీన్నే కమ్యూటెడ్ లీవ్ అంటారు. చాలామంది దీన్ని వేరే రకం సెలవు అనుకుంటారు. దానికి సొంత ఖాతా ఏదీ లేదు. పూర్తి జీతంతో ఒక రోజు కమ్యూటెడ్ లీవ్ తీసుకుంటే హెచ్‌పీఎల్ ఖాతాలోంచి రెండు రోజులు పోతాయి. రెండు అర్ధరూపాయలిచ్చి ఒక రూపాయి తీసుకోవడం లాంటిది. కాబట్టి ఖాతాలో 160 రోజుల హెచ్‌పీఎల్ ఉన్నవారికి 80 రోజుల పూర్తి జీతం ఉన్నట్టు. లేదా 160 రోజుల సగం జీతం ఉన్నట్టు. రెండూ కలిపి మాత్రం ఉన్నట్టు కాదు. మొదట 80 రోజులు పూర్తి జీతం తీసుకుని, ఆ తర్వాత సగం జీతం మొదలవుతుందని లెక్కవేసుకున్నవారు మోసపోయేది ఇక్కడే. పూర్తి జీతం రోజులు అయిపోయేసరికి సగం జీతం రోజులు కూడా వాటితోపాటే హరించుకుపోయి ఉంటాయి.

ఒక ఉదాహరణ తీసుకుంటే సంగతి తేలికగా అర్థమవుతుంది. విజయవాడలో ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయ ఉద్యోగి 2016 జనవరి 1న ఉద్యోగంలో చేరాడనుకోవాలి. 2024 జనవరి 1 నాటికి అతని ఖాతాలో 17 సార్లు పదేసి చొప్పున 170 రోజుల హెచ్‌పీఎల్ జమ అయింది. మధ్యలో ఒకసారి 10 రోజులు వాడుకున్నాడు గనుక 160 మిగిలాయి. ఈఎల్ పిల్లల చదువులకూ, పెళ్లిళ్లకూ ఎక్కువగానే ఖర్చయి 42 రోజులు ఉంది. డిసెంబరు ఆఖరు రాత్రి ఇంటికి పోతుండగా బండి మీంచి పడి తొడ ఎముక విరిగింది. శస్త్రచికిత్స అయ్యాక డాక్టరు ఆరు నెలల విశ్రాంతి రాశాడు. జనవరి 1 నుంచి జూన్ 30 దాకా. 2024 లీపు సంవత్సరం కాబట్టి మొత్తం 182 రోజులు. మధ్యలో వచ్చే ఆదివారాలు, పండుగలు కూడా సెలవులోనే లెక్కకొస్తాయి.

ఇది విధి నిర్వహణలో జరిగిన ప్రమాదమైతే లెక్క మొత్తం వేరుగా ఉండేది. పనివల్ల కలిగిన జబ్బుకూ గాయానికీ ప్రత్యేక సెలవు ఉంది. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ, బయటికొచ్చాక మరో ఆరు నెలలూ పూర్తి జీతం, ఆ తర్వాత ఏడాది సగం జీతం వస్తాయి. అది ఉద్యోగి సొంత ఖాతాను తాకదు. సొంత పనిమీద పోతుండగా జరిగిన ప్రమాదానికి మాత్రం సొంత ఖాతాయే దిక్కు.

ఈ ఉద్యోగి ముందు రెండు దారులున్నాయి. మొదటి దారి చాలామంది ఆలోచించకుండా పట్టేది. ఉన్నన్ని పూర్తి జీతం రోజులూ ముందు వాడేసుకోవడం. ఈఎల్ 42, హెచ్‌పీఎల్‌లో ఉన్న 160ని సగం చేస్తే వచ్చే కమ్యూటెడ్ లీవ్ 80, కలిపి 122 రోజులు. జనవరి 1 నుంచి మే 1 దాకా జీతం పూర్తిగా వస్తుంది. అక్కడితో రెండు ఖాతాలూ సున్నా. ఇంకా 60 రోజులు మిగిలి ఉన్నాయి.

ఆ 60 రోజులకు నిబంధనల్లో ఒక ఏర్పాటు ఉంది. దాని పేరు లీవ్ నాట్ డ్యూ. ఇంకా సంపాదించని సెలవును ముందుగా ఇవ్వడమన్నమాట. హెచ్‌పీఎల్ ఖాతాలో ఏమీ లేనప్పుడు, వైద్య ధ్రువపత్రం ఉన్నప్పుడు, రాబోయే కాలంలో సంపాదించబోయే హెచ్‌పీఎల్‌కు లోబడి అప్పుగా ఇస్తారు. సర్వీసు మొత్తానికి 360 రోజులకు మించకూడదు. జీతం సగమే. సెలవు మంజూరు చేసే అధికారికి ఈ మనిషి మళ్లీ డ్యూటీకి వస్తాడని నమ్మకం కుదిరితేనే ఇస్తారు. అప్పు ఇచ్చేవాడికి ఉండే అనుమానమే ఇక్కడా ఉంటుంది. మంజూరైతే ఉద్యోగి ఖాతాలో మైనస్ 60 పడుతుంది. మంజూరు కాకపోతే ఆ రెండు నెలలూ జీతం లేని సెలవు, ఆఫీసు మాటల్లో ఈవోఎల్. దానికి జీతం లేకపోవడమే కాదు, ఆ రోజుల్లో పదో వంతు తర్వాతి అర్ధ సంవత్సరంలో జమ కావలసిన ఈఎల్‌లోంచి కూడా కోస్తారు.

రెండో దారి కొంచెం లెక్కతో కూడింది. 182 రోజుల్లో ఈఎల్ 42 తీసేస్తే 140 రోజులు మిగులుతాయి. చేతిలో హెచ్‌పీఎల్ 160 ఉంది. ఆ 140 రోజుల్లో 20 రోజులు మాత్రం కమ్యూటెడ్ లీవ్‌గా పెడితే 40 హెచ్‌పీఎల్ ఖర్చవుతాయి. మిగిలిన 120 రోజులు నేరుగా హెచ్‌పీఎల్. నలభై, నూటఇరవై కలిపి సరిగ్గా 160. అప్పు లేదు. పూర్తి జీతం 62 రోజులు, సగం జీతం 120 రోజులు. తేదీల్లో చెప్పాలంటే ఈఎల్ జనవరి 1 నుంచి ఫిబ్రవరి 11 దాకా, కమ్యూటెడ్ లీవ్ ఫిబ్రవరి 12 నుంచి మార్చి 2 దాకా, హెచ్‌పీఎల్ మార్చి 3 నుంచి జూన్ 30 దాకా.

ఈ రెండు దారుల్లో ఏది ఎంచుకుంటే జీతం ఎంత వస్తుందో చూడాలంటే, సగం జీతం అన్న మాటకు జీతపు బిల్లులో అర్థమేమిటో ముందు తెలియాలి. సగమయ్యేది మూలవేతనం. దాని మీద లెక్కగట్టే కరువు భత్యం, డీఏ కూడా దానితోపాటే సగమవుతుంది. ఇంటి అద్దె భత్యం మాత్రం సగం కాదు. సెలవుకు ముందు ఏ రేటున తీసుకుంటున్నాడో అదే రేటున, అన్ని రకాల సెలవులూ కలిపి మొదటి 180 రోజుల దాకా వస్తుంది. ఆ తర్వాతి రోజులకు షరతులు వేరు. పై ఉదాహరణలో జూన్ 28తో ఆ 180 రోజులు పూర్తవుతాయి కాబట్టి చివరి రెండు రోజుల దగ్గరే ఆ పేచీ. రవాణా భత్యం దీనికి పూర్తి విరుద్ధం. క్యాలెండరు నెల మొత్తం సెలవులో ఉంటే, అది పూర్తి జీతం సెలవైనా సరే, ఆ నెలకు రవాణా భత్యం రాదు. ఆఫీసుకే రానివాడికి రాకపోకల ఖర్చు ఎందుకన్నది తర్కం.

అంకెలు గుండ్రంగా ఉండేందుకు ఆ ఉద్యోగి మూలవేతనం 40,000 రూపాయలనుకోవాలి. 2024 జనవరి నుంచి డీఏ 50 శాతం, అంటే 20,000. విజయవాడ వై తరగతి నగరం కనుక ఇంటి అద్దె భత్యం 20 శాతం, 8,000. రవాణా భత్యం, దాని మీద డీఏతో కలిపి 2,700. డ్యూటీలో ఉన్న నెలలో వచ్చేది 70,700 రూపాయలు. పూర్తి జీతం సెలవులో ఉన్న జనవరి, ఫిబ్రవరి నెలల్లో రవాణా భత్యం పోయి 68,000. పూర్తిగా హెచ్‌పీఎల్‌లో గడిచిన ఏప్రిల్‌లో మూలవేతనం 20,000, డీఏ 10,000, ఇంటి అద్దె భత్యం యథాతథంగా 8,000. మొత్తం 38,000. మార్చి నెలలో రెండు రోజులు పూర్తి జీతం, 29 రోజులు సగం జీతం కాబట్టి అది 40,000కు కాస్త తక్కువగా తేలుతుంది.

బిల్లు పైభాగం చూస్తే పరిస్థితి మరీ ఘోరంగా ఏమీ లేదు. డెబ్బై వేల చోట ముప్పై ఎనిమిది వేలు, సగం కన్నా ఎక్కువే. కోతల వైపు చూసినప్పుడే అసలు కష్టం తెలుస్తుంది. ఇంటి అప్పు వాయిదా 14,000, ఉద్యోగుల సహకార పరపతి సంఘం వాయిదా 6,000, ఎల్‌ఐసీ ప్రీమియం 2,500 ఉన్నాయనుకుంటే కలిపి 22,500. పింఛను చందా, పన్ను పక్కన పెట్టి చూసినా డ్యూటీ నెలలో ఇంటికి చేరేది 48,200. హెచ్‌పీఎల్ నెలలో 15,500. జీతం సగమైతే ఇంటికొచ్చేది మూడో వంతు కన్నా తక్కువైంది. వాయిదాలకు సెలవు తెలియదు. సగం జీతం మొదలయ్యే నెలకు ముందే బ్యాంకుకూ, సంఘానికీ వెళ్లి వాయిదా తగ్గించమనో, కొన్ని నెలలు ఆపమనో అడిగినవారికి ఊపిరాడుతుంది. కోతలన్నీ పోగా బిల్లులో ఏమీ మిగలని నెల వచ్చాక అడిగేవారికి అప్పటికే ఒక వాయిదా తప్పి ఉంటుంది.

రెండు దారులకూ తేడా ఇప్పుడు తేల్చవచ్చు. మొదటి దారిలో రెండో దారి కన్నా 60 రోజులు ఎక్కువగా పూర్తి జీతం వచ్చింది. మూలవేతనం, డీఏ కలిపి నెలకు 60,000 అంటే రోజుకు సుమారు 2,000. సగం జీతం రోజుకు 1,000. అరవై రోజుల తేడా 60,000 రూపాయలు. ఆ అరవై వేలకు బదులుగా ఖాతాలో 60 రోజుల హెచ్‌పీఎల్ అప్పు పడింది. అరవై రోజుల సగం జీతం విలువ కూడా సరిగ్గా 60,000 రూపాయలే. అంటే ప్రభుత్వం అదనంగా ఇచ్చిందీ లేదు, తీసుకున్నదీ లేదు. వడ్డీ లేని అప్పు. తాకట్టు పెట్టింది మాత్రం రాబోయే మూడేళ్లలో వచ్చే జబ్బులను. ఆ మూడేళ్లలో మరో శస్త్రచికిత్స అవసరమైతే హెచ్‌పీఎల్ ఉండదు, కమ్యూటెడ్ లీవూ ఉండదు, కొత్తగా జమైన ఈఎల్ ఒక్కటే మిగులుతుంది.

ఇందులో ఎవరికి ఏది మేలన్నది వాళ్ల ఇంటి లెక్కను బట్టే ఉంటుంది. ఆసుపత్రి ఖర్చుకు నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చుకునే స్థితిలో ఉన్నవాడికి వడ్డీ లేని అరవై వేలు దొరకడం చిన్న విషయం కాదు. భార్యకూ ఉద్యోగం ఉండి, ఇల్లు నడిచిపోయేవాడికి ఖాతా ఖాళీ కాకుండా చూసుకోవడమే తెలివి. ఎముక విరిగినవాడి కాలు ఆరు నెలల్లో అతుక్కుంటుంది. కీళ్లవాతం, మూత్రపిండాల జబ్బు లాంటివి మళ్లీ మళ్లీ సెలవు అడుగుతాయి. అలాంటి జబ్బున్నవారు మొదటి దారి పట్టడం ప్రమాదం. తిరిగి డ్యూటీకి రాకుండా రాజీనామా చేయాలనో, స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకోవాలనో ఆలోచన ఉన్నవారికైతే మరో చిక్కుంది. కమ్యూటెడ్ లీవ్ తీసుకుని మళ్లీ చేరకుండా వెళ్లిపోతే ఆ సెలవును హెచ్‌పీఎల్‌గా మార్చి, ఎక్కువ ఇచ్చిన సగం జీతాన్ని వసూలు చేస్తారు. పనికి అసమర్థుణ్ని చేసిన జబ్బువల్లనైతే, లేదా ఉద్యోగి చనిపోతే ఈ వసూలు ఉండదు.

ఈఎల్ ముందా, కమ్యూటెడ్ లీవ్ ముందా అన్న ప్రశ్న కూడా ఆఫీసుల్లో తరచు వినిపిస్తుంది. దీనికి జవాబు పదవీ విరమణ దగ్గర దొరుకుతుంది. విరమణ నాడు ఖాతాలో ఉన్న ఈఎల్‌ను 300 రోజుల దాకా పూర్తి జీతం లెక్కన నగదుగా ఇస్తారు. ఈఎల్ 300 కన్నా తక్కువుంటే ఆ లోటును హెచ్‌పీఎల్‌తో పూడుస్తారు గాని సగం జీతం లెక్కన. మూడు వందలు దాటిన హెచ్‌పీఎల్‌కు పైసా రాదు. కాబట్టి విరమణ దగ్గరపడి, ఈఎల్ ఇప్పటికే మూడు వందలకు చేరువలో ఉన్నవారు జబ్బు చేస్తే హెచ్‌పీఎల్ ఖర్చుపెట్టి ఈఎల్‌ను కాపాడుకోవడమే లాభం. వయసులో ఉన్నవారికి ఈ తేడా అంత పట్టించుకోదగ్గది కాదు. ఈఎల్ ఎన్నాళ్లున్నా మళ్లీ నిండడానికి వారికి వ్యవధి ఉంది.

ఏ దారి ఎంచుకున్నా దాన్ని దరఖాస్తులో స్పష్టంగా రాయాలి. వైద్య కారణాలపై సెలవు మంజూరు చేయగలరని మాత్రమే రాసి వదిలేస్తే ఏ ఖాతాలోంచి తీయాలన్నది సెక్షన్ గుమాస్తా ఇష్టానికి వదిలినట్టే. ఇన్ని రోజులు ఈఎల్, ఇన్ని రోజులు కమ్యూటెడ్, ఇన్ని రోజులు హెచ్‌పీఎల్ అని తేదీలతో రాయడం మంచిది. నిబంధనల్లో ఉద్యోగికి ఒక రక్షణ ఉంది. సెలవు ఇవ్వాలా వద్దా అన్నది అధికారి చేతిలో ఉండవచ్చు, సెలవు హక్కు కాదని నిబంధన సూటిగానే చెబుతుంది. కాని ఉద్యోగి అడిగిన, అతని ఖాతాలో ఉన్న సెలవు రకాన్ని రాతపూర్వక అభ్యర్థన లేకుండా అధికారి మార్చకూడదు. కమ్యూటెడ్ అడిగినవాడికి హెచ్‌పీఎల్ రాసి సగం జీతం చేతిలో పెట్టడం కుదరదు.

తొందరలో తప్పుగా రాసినవారికి ఒక అవకాశం మిగిలే ఉంటుంది. సెలవు ముగిసి డ్యూటీలో చేరిన 30 రోజుల్లోగా అభ్యర్థిస్తే, తీసుకున్న సెలవును వెనకటి తేదీ నుంచే మరో రకంగా మార్చే అధికారం మంజూరు చేసిన అధికారికి ఉంది. అది ఉద్యోగికి హక్కు కాకపోయినా సరైన కారణం చూపితే సాధారణంగా కాదనరు. మార్చాక ఎక్కువ వచ్చిన జీతం కట్టాలి, లేదా తక్కువ వచ్చింది బకాయిగా అందుతుంది. ముప్పై రోజులు దాటితే ఆ తలుపు మూసుకుపోతుంది.

అంతకన్నా ఖరీదైన తప్పు గడువు దాటి ఉండిపోవడం. డాక్టరు మూడు నెలలు రాస్తాడు, మూడు నెలలయ్యాక మరో నెల రాస్తాడు. ఆ రెండో ధ్రువపత్రం, పొడిగింపు దరఖాస్తు ఆఫీసుకు చేరకపోతే, పొడిగింపు మంజూరు కాకపోతే, ఆ రోజులకు జీతం ఏమీ రాదు. అయినా ఆ రోజులు హెచ్‌పీఎల్ ఖాతాలోంచి పోతాయి. ఖాతాలో ఉన్నంత మేరకు హెచ్‌పీఎల్‌గా కోసి, జీతం మాత్రం ఇవ్వరు. సెలవూ పోయి, జీతమూ పోయే పరిస్థితి ఇదొక్కటే. దానికి తోడు క్రమశిక్షణా చర్య భయం. కాబట్టి పొడిగింపు దరఖాస్తు మొదటి గడువు తీరకముందే పంపి, రసీదు దాచుకోవాలి. చేరే రోజున ఆరోగ్యం కుదుటపడిందన్న ఫిట్‌నెస్ ధ్రువపత్రం లేకపోతే డ్యూటీలోకి తీసుకోరు. ఆ ఒక్క కాగితం కోసం రెండు రోజులు తిరిగితే ఆ రెండు రోజులూ సెలవులోకే పోతాయి.

బిల్లులో తప్పు జరిగిందో లేదో తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. హెచ్‌పీఎల్ నెలలో మూలవేతనంతోపాటు ఇంటి అద్దె భత్యం కూడా సగమై కనిపిస్తే అది తప్పు. డీఏ మాత్రం పూర్తిగా వచ్చి ఉంటే అది కూడా తప్పే, తర్వాత వసూలు చేస్తారు. సెలవు మంజూరు ఉత్తర్వు ఆలస్యమై, ముందు రెండు నెలలు పూర్తి జీతం పడిపోయి, ఆ తర్వాత ఎక్కువ ఇచ్చిందంతా ఒకే నెల కోసేయడం చాలా కార్యాలయాల్లో చూసే సంగతే. సగం జీతం రావలసిన నెలలో పూర్తి జీతం పడితే సంతోషించి ఖర్చుపెట్టకుండా పక్కన పెట్టుకోవడం ఉత్తమం. ఇక సెలవు ఖాతాలో చూడవలసింది కమ్యూటెడ్ లీవ్ పక్కన రెట్టింపు రోజులు కోశారా లేదా అన్నది. ఒకసారే కోస్తే ఇప్పటికి బాగానే ఉంటుంది గాని, ఏళ్ల తర్వాత ఆడిట్‌లో బయటపడితే లేని సెలవు వాడుకున్నట్టు తేలుతుంది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకు ఈ లెక్క కొంత మారుతుంది. అక్కడ వర్తించేవి 1933 నాటి, మద్రాసు రాష్ట్రం నుంచి వచ్చిన సెలవు నిబంధనలు, వాటికి తర్వాత వచ్చిన సవరణలు. హెచ్‌పీఎల్ ఏడాదికి 20 రోజులే అయినా ముందుగా జమ కాదు, ఏడాది సర్వీసు పూర్తయ్యాకే పడుతుంది. కమ్యూటెడ్ లీవ్‌కు అక్కడ మరో గోడ ఉంది. ఖాతాలో ఎంత హెచ్‌పీఎల్ ఉన్నా సర్వీసు మొత్తానికి 240 రోజులకు మించి కమ్యూట్ చేసుకోవడానికి లేదు. అది దాటినవారికి హెచ్‌పీఎల్ అంటే ఇక సగం జీతమే. దీని బరువు ఎక్కువగా పడేది ఉపాధ్యాయుల మీద. వేసవి సెలవులు ఉన్నాయన్న కారణంగా వారికి ఏడాదికి ఈఎల్ ఆరు రోజులే వస్తుంది. జబ్బు చేస్తే వారి ఆధారమంతా హెచ్‌పీఎల్ మీదే. మరోపక్క క్షయ, కుష్ఠు, క్యాన్సర్, మానసిక వ్యాధి, గుండె జబ్బు, మూత్రపిండాల వైఫల్యం లాంటి వ్యాధులకు నిర్ణీత ఉద్యోగ వర్గాలవారికి హెచ్‌పీఎల్‌లో ఉన్నా ఆరు నెలల దాకా పూర్తి జీతం ఇచ్చే ప్రత్యేక ఉత్తర్వులున్నాయి. ఆ ఉత్తర్వుల సంగతి తెలియక కమ్యూటెడ్ లీవ్ పెట్టి, రెట్టింపు రోజులు పోగొట్టుకునేవారు లేకపోలేదు. అలాంటి రోగ నిర్ధారణ జరిగినప్పుడు దరఖాస్తుకు ముందు కార్యాలయ పర్యవేక్షకుణ్నో, సంఘం నాయకుణ్నో అడగడం మంచిది.

ప్రైవేటు రంగంలో ఈఎస్ఐ కింద ఉన్న కార్మికుడి విషయం మరో తోవ. అతనికి జబ్బు కాలపు డబ్బు యజమాని ఖాతా నుంచి కాక, ఈఎస్ఐ సంస్థ నుంచి వేతనంలో 70 శాతం చొప్పున, ఏడాదికి 91 రోజుల దాకా వస్తుంది. అక్కడ పూర్తి జీతం, సగం జీతం అన్న మెట్లు లేవు.

విజయవాడ ఉద్యోగి లెక్క పూర్తి చేయాలి. జులై 1న అతను డ్యూటీలో చేరాడు. అదే రోజు కొత్త అర్ధ సంవత్సరానికి 10 రోజుల హెచ్‌పీఎల్ జమ అయింది. రెండో దారి పట్టి ఉంటే అతని ఖాతా సున్నా నుంచి 10కి వచ్చింది. వైద్య ధ్రువపత్రంతో ఐదు రోజుల పూర్తి జీతం సెలవు తీసుకోవడానికి ఆ రోజు నుంచే వీలుంది. మొదటి దారి పట్టి ఉంటే మైనస్ 60 నుంచి మైనస్ 50కి చేరింది. ఆర్నెల్లకు పది చొప్పున తీరుతూ ఆ అప్పు 2027 జనవరి 1న సున్నా అవుతుంది. వాడుకోదగిన మొదటి హెచ్‌పీఎల్ 2027 జులై 1న పడుతుంది.